చరణం చరణానికీ డోలక్, తాళాలు మెల్లగా పెంచడం ఎలా?

ప్రశ్న: మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారం సాయంత్రాలు పదిహేను మందిమి భజన చేస్తాం. ఒక హార్మోనియం, ఒక డోలక్, రెండు జతల చేతి తాళాలు ఉన్నాయి. రెండో చరణానికే మోత మొదలైపోతుంది, మాటలు వినపడవు, వేగం కూడా పెరిగిపోతుంది. చరణం చరణానికీ మెల్లగా పెరిగేలా ఎలా అమర్చుకోవాలి?

జవాబు:

మొదటి చరణం దగ్గర కాకుండా చివరి చరణం దగ్గర మొదలుపెట్టండి. మీ హాల్లో, మీ గొంతులతో వాద్యం ఎంతవరకు పోవచ్చో ముందు తేలితే, అక్కణ్ణుంచి ఒక్కో చరణానికి కొంత కొంత తీసేస్తూ వెనక్కి రావచ్చు. మొదటి నుంచి పెంచుకుంటూ పోదామనుకునే బృందాలన్నీ మీరు చెప్పిన చోటే ఆగిపోతాయి. మొదటి చరణానికే పూర్తి దరువు వేసేస్తే రెండోదానికి చెయ్యడానికి గట్టిగా కొట్టడం తప్ప ఇంకేమీ మిగలదు. మూడోదానికి వేగం పెంచడం ఒక్కటే మిగులుతుంది.

ఉదాహరణకి ఒక పాదం అనుకుందాం. ఇది ఏ పాటలోదీ కాదు, లెక్క కోసం కట్టింది: "గోవుల కాచిన నల్లని సామీ". నాలుగు మాటలు, ఒక్కో మాటకీ నాలుగు మాత్రలు. చప్పట్లు కొడితే గో, కా, నల్, సా దగ్గర నాలుగు పడతాయి. డోలక్ మీద దీనికి కుదిరే దరువు కహర్వా, ఎనిమిది దెబ్బల ఆవర్తనం. మాటలూ దెబ్బలూ ఇలా కలుస్తాయి:

గో – వుల – కా – చిన | నల్ – లని – సా – మీ
ధా – గె – న – తి | న – కె – ధి – న

కింది వరుసను చేత్తో తొడ మీద తట్టుతూ పై వరుసను నోటితో పదిసార్లు అనండి. ఇక్కణ్ణుంచి చెప్పే స్థానాలన్నీ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఈ లెక్కలోనే. ఒకటి అంటే "గో", అయిదు అంటే "నల్", ఏడు అంటే "సా".

హద్దు తేల్చుకునే పద్ధతి సులువే. డోలక్ ఆయన్ని పూర్తి కహర్వా నిండుగా వాయించమనండి. తాళాలు నాలుగు చప్పట్ల దగ్గరా తెరిచి మోగించండి. లీడ్ పాడేవారు ఒక్కరే ఈ పాదం పాడాలి. మీలో ఒకరు వెళ్ళి తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుని, పాట తెలియనివాళ్ళలా వినాలి. "కాచిన"లో చకారం, "నల్లని"లో ద్విత్వ లకారం విడిగా వినపడుతున్నాయా? "కా-ఇన నఅని" అన్నట్టు వినపడుతుంటే హద్దు దాటినట్టే. అచ్చులు ఎంత మోతలోనైనా బతికి బయటపడతాయి, హల్లులు బతకవు. స, చ, త లాంటి హల్లుల శబ్దం ఉండేది పై స్థాయిలో, కంచు తాళం మోగేదీ ఆ స్థాయిలోనే. డోలక్ గుమ్ము కింద ఉంటుంది కనుక మాటను అంతగా కప్పదు. అందుకని ముందు తాళాలు తగ్గించండి, మళ్ళీ వినండి, అప్పటికీ మాట తేలకపోతేనే డోలక్ జోలికి వెళ్ళండి. చాలా బృందాల్లో డోలక్ ఆయన్ని అనవసరంగా కోప్పడుతుంటారు. తప్పు చాలావరకు తాళాలది.

ఇప్పుడు పాట నిర్మాణం. మామూలుగా పల్లవి రెండు పాదాలు, చరణం రెండు పాదాలు అనుకోండి. చరణంలో ఒక్కో పాదం లీడ్ ఒకసారి, వంత ఒకసారి పాడితే నాలుగు ఆవర్తనాలు. తర్వాత అందరూ కలిసి పల్లవి రెండుసార్లు, మరో నాలుగు. నిమిషానికి 76 చప్పట్ల నడకలో ఒక ఆవర్తనం మూడు సెకన్లకు కొంచెం పైన పడుతుంది. అంటే చరణమూ దాని వెనక పల్లవీ కలిపి 25 సెకన్లు. ఈ లెక్క ఎందుకంటే, ఒక్కో మెట్టు మీద మీకున్న సమయం అంతే. 25 సెకన్లలో వినేవాళ్ళకి తెలిసేది ఒక్క మార్పే. ఒకేసారి దరువు మార్చి, తాళం తెరిచి, గొంతు పెంచితే మెల్లగా పెరిగినట్టు ఉండదు, ఒక్కసారిగా మీద పడినట్టుంటుంది.

డోలక్‌కి నాలుగు మెట్లు ఇలా పెట్టుకోండి.

పాట ఎత్తుకోగానే పల్లవి మొదటిసారి లీడ్, హార్మోనియం మాత్రమే. డోలక్ లేదు, తాళం లేదు, చప్పట్లు అసలే లేవు. రెండోసారి వంత అందుకున్నప్పుడు డోలక్ వస్తుంది. ఎడమవైపు మెత్తని దెబ్బ ఒక్కటి, ఒకటో స్థానంలో. అంతే.

మొదటి చరణంలో ఆవర్తనానికి మూడు దెబ్బలు. ఒకటి దగ్గర ఎడమచేత్తో "గె", అయిదు దగ్గర కుడి చూపుడువేలి కొసతో "న", ఏడు దగ్గర ఇంకా తేలిగ్గా మరో "న". ఏడో స్థానంలో ఆ చిన్న దెబ్బ ఎందుకో వేగం సంగతి దగ్గర చెబుతాను. దాన్ని మాత్రం వదలొద్దు.

రెండో చరణంలో నాలుగు చప్పట్ల స్థానాలూ నిండుతాయి: ధా – న – న – ధి. మధ్య స్థానాలు ఖాళీ. ఇక్కడ "ధా", "ధి" రెండు చేతులూ కలిసి పడేవి కనుక బరువు దానంతటదే పెరుగుతుంది, గట్టిగా కొట్టక్కర్లేదు. కుడిచేతికి వేళ్ళే చాలు, అరచెయ్యి తగలకూడదు.

మూడో చరణంలో పూర్తి కహర్వా. ఇక్కడ వచ్చే తప్పు ఒకటుంది. అయిదు, ఆరు స్థానాల్లో "న కె" దగ్గర ఎడమచెయ్యి గుమ్ము ఇవ్వకూడదు. "కె" అంటే ఎడమ తోలు మీద చెయ్యి ఆనించి మూసేసిన దెబ్బ. ఆ రెండు స్థానాల్లో కింది శబ్దం ఆగడం వల్లే ఏడులో "ధి" వచ్చినప్పుడు ఊపు పుడుతుంది. కొత్తగా వాయించేవాళ్ళు ఎనిమిదింటికీ ఎడమచెయ్యి తెరిచి కొడతారు. అప్పుడు దరువు నడవదు, ఒకటే హోరు. మీ రికార్డింగ్‌లో డోలక్ ఎడతెరిపి లేకుండా "గుంగుంగుం" అంటుంటే కారణం ఇదే.

నాలుగో చరణంలో అదే కహర్వా. కాకపోతే వంత పాడే పాదాల్లో మాత్రం చివరి రెండు స్థానాల్లో ఒక్కో దెబ్బ బదులు రెండేసి. ఎడమచేతి మడమతో తోలును నొక్కుతూ జరిపితే వచ్చే "గుంయ్" అనే జారుడు ఇంతవరకు దాచిపెట్టి ఇక్కడ వాడాలి, అదీ ఒకటో స్థానంలో, రెండు ఆవర్తనాలకి ఒకసారి. సినిమా పాటల ఆర్కెస్ట్రాలో చెయ్యి తిరిగినవాళ్ళకి ఈ జారుడు మీద మహా మోజు, పల్లవిలోనే మొదలుపెడతారు. వినసొంపుగానే ఉంటుంది, కానీ పైకి వెళ్ళాక వాడుకోవడానికి ఏమీ మిగలదు. ఆయనతో ముందే మాట్లాడుకోండి. "మీ జారుడంతా నాలుగో చరణానికే" అని చెబితే నొచ్చుకోరు, పైగా అక్కడికి వచ్చేసరికి ఉత్సాహంగా వాయిస్తారు.

ఇక తాళాలు. వీటి సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేర్పేవాళ్ళు తక్కువ. జత ఎవరి చేతికి అందితే వాళ్ళు వాయించేస్తారు.

ముందు పట్టు. తాడును చూపుడువేలికి చుట్టుకుని, కింది తాళాన్ని కప్పు వెల్లకిలా ఉండేలా ఎడమచేతిలో నిలకడగా పట్టుకోవాలి. పై తాళం కుడిచేతిది, కదిలేది అదొక్కటే. రెండు అంచులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేలా కొడితే లోపల గాలి చిక్కుకుని "థప్" మంటుంది. మోగడం లేదని ఇంకా గట్టిగా కొడతారు, తాళం అంచు చిట్లేది అందుకే. పై తాళాన్ని అరంగుళం పక్కకు జరిపి అంచుతో అంచును తాకిస్తే చిన్న దెబ్బకే "ఛిం" అని తీగలా సాగుతుంది. కొట్టాక విడదీస్తే తెరిచిన శబ్దం. కొట్టి అక్కడే అదిమి ఉంచితే మూసిన శబ్దం, "చక్". మీ నాలుగు మెట్లకీ ఈ రెండు శబ్దాలే సరిపోతాయి.

గట్టిదనం చేతి బలం వల్ల రాదు, రెండు తాళాల మధ్య ఎడం వల్ల వస్తుంది. ఒక వేలి మందం ఎడం నుంచి పడితే మెత్తగా ఉంటుంది, మూడు వేళ్ళ ఎడం నుంచి పడితే హాలు నిండుతుంది. అందుకని వాయించేవాళ్ళకి "మెల్లగా కొట్టండి" అని చెప్పకండి, ఎన్ని వేళ్ళో చెప్పండి. గుర్తుంటుంది.

మొదటి చరణంలో లీడ్ పాడేటప్పుడు తాళం ఒళ్ళోనే ఉండాలి. వంత అందుకున్నప్పుడు ఒకటో స్థానంలో ఒక్క "చక్", వేలి ఎడం. రెండో చరణంలో ఒకటి, అయిదు స్థానాల్లో. లీడ్‌కి మూసి, వంతకి తెరిచి. మూడో చరణంలో నాలుగు చప్పట్ల దగ్గరా, అదే పద్ధతి, లీడ్‌కి మూసి, వంతకి తెరిచి, ఎడం రెండు వేళ్ళు. నాలుగో చరణంలో వంతకి ఎనిమిది స్థానాలూ: చప్పట్ల మీద తెరిచిన "ఛిం", వాటి మధ్యన మూసిన "చక్". ఛిం-చక్ ఛిం-చక్ అని నడుస్తుంది. లీడ్‌కి మాత్రం మళ్ళీ నాలుగే, మూసే.

రెండో జత తాళాలు మూడో చరణం తర్వాతి పల్లవి దాకా ముట్టుకోకూడదు. రెండు జతలు ఒకేలా వాయించడం వల్ల వచ్చే లాభం తక్కువ. ఇద్దరూ వెంట్రుకవాసి తేడాతో పడితే శబ్దం పలచబడి గలగలమంటుంది. ఒక జత పూర్తి వరుస వాయిస్తుంటే రెండో జత ఒకటి, అయిదు స్థానాల్లో తెరిచి మోగిస్తే చాలు, నిండుదనం వస్తుంది. రెండు జతల్లో చిన్నవి, మందంగా ఉన్నవి సన్నగా కుట్టినట్టు మోగుతాయి. పెద్దవి కొంచెం కింది స్వరంలో ఎక్కువసేపు సాగుతాయి. వరుస వాయించే జతగా చిన్నవాటిని, అప్పుడప్పుడు పడే జతగా పెద్దవాటిని పెట్టుకోండి. తిరగేస్తే పెద్ద తాళాల మోత ఒకదాని మీద ఒకటి పేరుకుని మాటను ముంచేస్తుంది.

పెంచే చోటు ఏదన్నది దరువుకన్నా ముఖ్యం. మెట్టు ఎక్కాల్సింది చరణం మొదట్లో కాదు, వంత అందుకునే చోట, పల్లవికి తిరిగొచ్చే చోట. చరణం మొదటి పాదం లీడ్ ఒక్కరే పాడతారు, మాటలు కొత్తవి, వినేవాళ్ళు కూడా మాట కోసమే చెవి పెట్టే క్షణం అది. అక్కడ వాద్యం పెరిగితే ఒక్క గొంతు మీద నలుగురి మోత పడుతుంది. పల్లవి అందరికీ వచ్చిందే, గొంతులూ పదిహేను, ఎంత వాద్యమైనా మోస్తుంది. అందుకని ప్రతి చరణమూ దాని ముందరి పల్లవికన్నా కొంచెం దిగి మొదలవ్వాలి, దాని ముందరి చరణంకన్నా కొంచెం పైన ఉండాలి. ఎక్కుతూ, కాస్త దిగుతూ, ఇంకాస్త ఎక్కుతూ పోతుందన్నమాట. వినేవాళ్ళకి పెరుగుతున్నట్టు తెలిసేది ఈ దిగడం వల్లే. ఒకే వాలులో పెరిగితే చెవి అలవాటుపడిపోతుంది, పెరిగిందని కూడా అనిపించదు.

దిగడం కష్టమైన పని. ఊపులో ఉన్న చేతిని ఆపడానికి గుర్తు కావాలి. లీడ్ పాడేవారు పల్లవి చివరి పాదంలో "సామీ" దగ్గర అరచెయ్యి కిందికి చూపిస్తే దిగమని, చరణం చివర పైకి చూపిస్తే ఎక్కమని పెట్టుకోండి. హార్మోనియం మీద చేతులుంటే తలతో సైగ చేసినా చాలు. డోలక్ ఆయన ఎక్కే ముందు ఏడు, ఎనిమిది స్థానాల్లో చిన్న ఎత్తుగడ వేస్తే వంతకి కూడా సమయం తెలుస్తుంది. దిగేటప్పుడు ఏ ఎత్తుగడా వద్దు. అదే రెండు స్థానాలు ఖాళీగా వదిలేస్తే దిగినట్టే.

వేగం సంగతి. మీ బృందంలో వేగం పెరిగేది డోలక్ వల్ల కాకపోవచ్చు. పాదం చివర "సామీ"లో రెండు దీర్ఘాలున్నాయి కదా, సా ఏడులో, మీ ఎనిమిదిలో. మనవాళ్ళు "సామి" అని కుదించేసి, ఎనిమిది పూర్తికాకముందే వంత అందుకుంటారు. ఒక్కో పాదానికి పావు దెబ్బ తగ్గినా పాట చివరికి పెద్ద తేడా. డోలక్ ఆయన వంతతో కలవడానికి ముందుకు తోస్తారు, దాంతో పాట పరుగెడుతుంది. దీనికి మందు, పాదం చివర ఖాళీ లేకుండా చూడటం. మొదటి చరణంలో ఏడో స్థానంలో ఆ తేలిక దెబ్బ వేయమన్నది అందుకే. అది వినపడితే నోరు దానికోసం ఆగుతుంది. వంత పాడేవాళ్ళతో రెండు వారాలపాటు వాద్యం లేకుండా, పాదం చివరి దీర్ఘాలు పూర్తిగా పలికించి పాడించండి.

పెరుగుతోందో లేదో మనసుకి తెలియదు, ఫోన్‌లో రికార్డు చేసి చూడండి. మొదటి చరణంలో ఎక్కడైనా 15 సెకన్లలో చప్పట్లు లెక్కపెడితే 19 వచ్చాయనుకోండి, నిమిషానికి 76. నాలుగో చరణంలో 20 వస్తే 80. అది ఫర్వాలేదు, కొంచెం ముందుకు సాగినట్టు ఉంటుంది, బాగుంటుంది కూడా. 23 వస్తే 92. ఆ వేగంలో "నల్లని"లాంటి మాట నోరు తిరగదు, శ్వాసకి చోటుండదు, పెద్దవాళ్ళు మధ్యలో పాడటం ఆపేస్తారు. చివరి నామావళికి వేగం పెంచాలనుకుంటే తెలిసి, ఒకే చోట పెంచండి. జారిపోయిన వేగానికీ, ఎత్తుకున్న వేగానికీ తేడా వినేవాళ్ళకి తెలుస్తుంది.

తాళం వాయించేవాళ్ళు కూడా వేగానికి కారణమవుతారు. ముఖ్యంగా ఛిం-చక్ వరుసలో "చక్" ముందుగా పడిపోతుంటుంది. వాళ్ళని డోలక్ ఎడమవైపు, అంటే గుమ్ము వైపు, ఆనుకుని కూర్చోబెట్టండి. ఒకటో దెబ్బ చెవితోపాటు నేల మీది అదురుతో కూడా తెలుస్తుంది. వంతవాళ్ళ మధ్య కూర్చుంటే తాళం గొంతుల్ని అనుసరిస్తుంది, గొంతులు తాళాన్ని అనుసరిస్తాయి, ఇద్దరూ కలిసి పరుగెడతారు. చెన్నైలో సంప్రదాయ భజన పద్ధతిలో ముందు పాడే భాగవతారే చాలాసార్లు చేతిలో జాల్రా అనే తాళాలుగానీ చిప్లా అనే చిడతలుగానీ పట్టుకుంటారు. వేగం పగ్గం పాడేవారి చేతిలోనే ఉంచుకోవడం అది. మీ లీడ్ హార్మోనియం వాయించని రోజున ఆ పని చేసి చూడండి, సగం సమస్య తీరుతుంది.

డోలక్ శ్రుతి గురించి క్లుప్తంగా. కుడివైపు తోలు లీడ్ షడ్జానికి కలిస్తే మంచిది. ఆడవాళ్ళు అయిదు శ్రుతిలో, మగవాళ్ళు ఒకటి శ్రుతిలో మార్చి మార్చి పాడే చోట పాటపాటకీ కలపడం కుదరదు. ఒకటి శ్రుతికి పంచమం, అయిదు శ్రుతికి షడ్జం ఒకే స్వరం కనుక డోలక్‌ని అక్కడ కలిపి వదిలేస్తే ఇద్దరికీ పలుకుతుంది. బోల్టుల డోలక్ అయితే ఒక బోల్టు తిప్పాక దాని ఎదుటిది తిప్పాలి, పావు చుట్టుకు మించకుండా. వరసగా తిప్పుకుంటూ పోతే తోలు ఒక పక్కకి లాగి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలుకుతుంది. తాడు డోలక్ అయితే రింగులు సమంగా జరపండి. తోలు డోలక్‌ని ఏసీ హాల్లోకి తెచ్చాక ఇరవై నిమిషాలు ఆగి అప్పుడు శ్రుతి చెయ్యండి. బయట చెమ్మకు సాగిన తోలు లోపలి పొడిగాలికి బిగుసుకుని స్వరం పైకి పోతుంది. చెన్నైలో ఈ తేడా ఎక్కువ, బెంగళూరులో వానాకాలం సాయంత్రాలు తప్పితే తక్కువ. ఎడమవైపు గుమ్ము లోపల పూసిన మసాలాది. అది ఎండి పెచ్చులూడితే ఎంత బిగించినా గుమ్ము రాదు, బాలేపేటలాంటి చోట బాగుచేసేవాళ్ళ దగ్గర మళ్ళీ వేయించడమే.

పదిహేను మంది కూర్చునే గదికి వాద్యానికి మైకు అక్కర్లేదు. లీడ్‌కి ఒక్క మైకు చాలు. తాళాలు ఆ మైకు వెనకవైపు, కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. పక్కనే ఉంటే మైకు ముందు తాళాన్నే పట్టుకుంటుంది, సౌండ్ తగ్గిస్తే గొంతు కూడా తగ్గుతుంది. క్లబ్‌హౌస్‌ల్లో గాజు గోడలూ టైల్సూ ఉంటాయి కనుక తాళం శబ్దం తిరిగి తిరిగి వస్తుంది. డోలక్ కింద, తాళాలవాళ్ళ వెనక ఒక మందపాటి జంపఖానా, వీలైతే కర్టెన్లు వేసి ఉంచడం పనిచేస్తుంది. డోలక్‌ని చెక్క వేదిక మీద నేరుగా పెడితే గుమ్ము పెరుగుతుంది. బాగుందనిపిస్తుంది గానీ కింది అంతస్తు వాళ్ళకి బాగుండదు.

ముగింపు ఇలా కట్టుకోండి. నాలుగో చరణం తర్వాత పల్లవి రెండుసార్లు పూర్తి నిండుతో. రెండోసారి చివరి పాదంలో "నల్లని సామీ" అన్న భాగాన్ని దాని చోటులోనే, అయిదో స్థానం నుంచి, మూడుసార్లు పాడండి. ఒక్కోటి నాలుగు స్థానాలు, మూడింటికి పన్నెండు. అయిదులో ఎత్తుకుంటే ఎనిమిదికి మొదటిది, తర్వాతి ఆవర్తనం నాలుగుకి రెండోది, ఎనిమిదికి మూడోది అయిపోతాయి. ఆఖరి దెబ్బ సరిగ్గా ఒకటో స్థానంలో, సమం మీద పడుతుంది. అక్కడ డోలక్ "ధా", తాళం ఒక్క తెరిచిన "ఛిం", చప్పట్లు ఒక్కటి. తాళాన్ని అదమకండి, దానంతటది తగ్గేదాకా ఎవరూ మాట్లాడకండి. మూడుసార్లలో మొదటిది గట్టిగా, రెండోది తగ్గించి, మూడోది మళ్ళీ గట్టిగా పాడితే ఇంకా బాగుంటుంది. రెండోసారి తగ్గినప్పుడు డోలక్ వేళ్ళతోనే ఉండాలి.

చరణాల అర్థం చూసుకోకుండా ఈ మెట్లు పెట్టొద్దు. మూడో చరణం దీనంగా వేడుకునేది, నాలుగోది జయ జయ ధ్వానం అయితే మూడో మెట్టు దాటేసి, ఆ చరణాన్ని రెండో మెట్టు దగ్గరే ఉంచి, నాలుగోదానికి ముందరి పల్లవిలో ఎక్కండి. ఆరు దెబ్బల దాద్రా నడకలో ఉన్న పాటలకి కూడా పద్ధతి ఇదే: ఒకటి, నాలుగు స్థానాలు ముందు, మిగతావి తర్వాత. అయితే దాద్రాలో ఛిం-చక్ జత కుదరదు, మూడేసి దెబ్బలకి ఒక "ఛిం", రెండు "చక్"లు పడాలి. అది నిదానంగా సాధన చెయ్యకుండా భజనలో మొదలుపెట్టకండి.

సాధన క్రమం కూడా పైనుంచి కిందికే. మొదటి వారం నాలుగో మెట్టు, పల్లవి మాత్రమే, హద్దు తేల్చుకోవడం. రెండో వారం నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి దిగడం, మాటలు లేకుండా వాద్యమే. మూడో వారం పాటతో కలిపి. ఎక్కడం ఎవరికీ నేర్పక్కర్లేదు, దానంతటదే వస్తుంది.

పిల్లలు తాళాల కోసం గొడవపడతారు, అది ప్రతి చోటా ఉన్నదే. వాళ్ళకి చిడతలు ఇచ్చి, నాలుగో చరణం తర్వాతి పల్లవికే వాయించాలని ముందే చెప్పండి. చేతిలో ఉన్నది వాయించకుండా అంతసేపు ఆగలేని పిల్లలుంటే, చిడతలు ఆ పల్లవి వచ్చేదాకా లీడ్ పక్కన పెట్టి, అప్పుడు అందించండి. వాళ్ళు లేచి వచ్చి తీసుకునే ఆ రెండు ఆవర్తనాల్లో డోలక్ ఆయన జారుడు వాడుకోవచ్చు, ఎవరికీ ఖాళీ తెలియదు.